ఒంట్లో బాగుందని బీపీ మాత్రలు మానేయాలనిపిస్తే ఏం చేయాలి?

బీపీ మాత్రలు వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. ఏ బాధా లేదు, రీడింగులన్నీ బాగానే ఉన్నాయి, ఇంకా ఈ మాత్రలెందుకు అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు. ఆ మాట డాక్టరుతో అనకుండా మనంతట మనమే మానేయడంలోనే ప్రమాదం ఉంది. మానేయాలనిపించినప్పుడు ముందు ఏం చూసుకోవాలో, ఇప్పటికే మానేసి ఉంటే మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఒక రిటైర్డ్ టీచరు విషయంలో జరిగినదాన్ని పట్టుకుని చెబుతాను. ఆయన్ని మాస్టారు అనే పిలుద్దాం.

మాస్టారు లెక్కలు చెప్పేవారు. వయసు 66. మూడేళ్లుగా ఆమ్లోడిపిన్ అనే మాత్ర వాడుతున్నారు. మొదట 5 మిల్లీగ్రాములు ఇచ్చారు, తర్వాత 10కి పెంచారు. రీడింగులు 126/78కి అటూ ఇటూగా ఉండేవి. ఒక్కటే ఇబ్బంది, సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర వాపు వచ్చేది. మేజోడు విప్పితే దాని అంచు కాలి మీద గాడిలా పడి కనిపించేది. ఆ సంగతి ఆయన డాక్టరుతో ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు మాత్ర ఆపేశారు. అలాగని నిర్లక్ష్యంగా ఏమీ వదిలేయలేదు. లెక్కల మనిషి కదా, పరీక్షించి చూశారు. మూడో రోజు 130/80 వచ్చింది. ఐదో రోజు 134/82. రెండు వారాల్లో కాళ్ల వాపు కూడా పోయింది. "నాకు బీపీ తగ్గిపోయింది, ఈ మూడేళ్లూ అనవసరంగా మింగాను" అని ఇంట్లో చెప్పి, బీపీ మిషన్ తీసి బీరువాలో పెట్టేశారు.

రెండు నెలల తర్వాత కంట్లో శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే, ఆపరేషన్‌కి ముందు నర్సు చూసిన బీపీ 186/106. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 182/104. ఆపరేషన్ వాయిదా వేసి, ముందు మీ డాక్టరును కలవమని పంపించారు. ఆ రోజు పొద్దున కూడా ఆయన అరగంట నడిచి వచ్చారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు, నిద్ర కూడా బాగానే పట్టింది. "ఇంత బీపీ ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా డాక్టరు గారూ? మీ మిషన్ ఒకసారి చూడండి" అన్నారట.

మంచి రీడింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోండి

మానేయాలనిపించినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. మాత్ర వేసుకుంటూ ఉండగా 126/78 వచ్చిందంటే అది మీ బీపీ, మాత్ర కలిసి ఇచ్చిన సంఖ్య. మాత్ర లేకుండా మీ బీపీ ఎంతో ఆ సంఖ్య చెప్పదు.

జ్వరానికో ఇన్ఫెక్షన్‌కో వేసుకునే మందులతో మనకు ఒక అలవాటు ఉంది. బాధ వస్తుంది, మందు వేసుకుంటాం, బాధ పోతుంది, మందు ఆపేస్తాం. బీపీ మాత్ర అలా పనిచేసేది కాదు. రక్తనాళాల గోడల్లో సన్నని కండరం ఉంటుంది. దానిలోకి కాల్షియం వెళ్తేనే అది బిగుసుకుంటుంది. ఆమ్లోడిపిన్ ఆ కాల్షియం లోపలికి వెళ్లకుండా అడ్డుపడుతుంది. కండరం వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. మందు ఒంట్లో ఉన్నంతసేపే ఆ అడ్డు ఉంటుంది. బీపీ పెరగడానికి కారణమైనవి, అంటే వయసుతో గట్టిపడిన నాళాలు, ఉప్పును బయటికి పంపడంలో కిడ్నీల తీరు, వంశపారంపర్యంగా వచ్చిన గుణం, ఇవన్నీ అక్కడే ఉంటాయి. మాత్ర వాటిని మార్చదు.

డాక్టరు మాస్టారికి ఆయన భాషలోనే చెప్పారు. "మీరు క్లాసులో నిలబడి ఉంటే పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు. పిల్లలు బుద్ధిమంతులైపోయారని మీరు బయటికి వెళ్లిపోతే ఏమవుతుంది మాస్టారూ?"

"సరే, మరి మూడో రోజు, ఐదో రోజు ఎందుకు పెరగలేదు?" అని మాస్టారు పట్టుబట్టారు. ఇది అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా మెల్లగా పోతుంది. రక్తంలో ఉన్న మందులో సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే మానేసిన మూడో రోజుకి కూడా మందులో మూడో వంతు దాకా, కొందరిలో అంతకంటే ఎక్కువే మిగిలి ఉంటుంది. దాదాపు పూర్తిగా పోవడానికి వారం పైనే కావచ్చు. ఆ తర్వాత కూడా బీపీ ఒక్కసారిగా ఎగరదు, రోజులు వారాల మీద మెల్లగా పైకి వస్తుంది. మాస్టారు పరీక్ష పెట్టింది మాత్ర ఇంకా పనిచేస్తున్న రోజుల్లో. అది పూర్తిగా దిగిపోయే వేళకి మిషన్ బీరువాలోకి వెళ్లిపోయింది.

ఒంట్లో ఎలా ఉందన్నదాన్ని కొలతగా తీసుకోకండి

నాళాల్లో ఒత్తిడి పెరిగితే "ఇప్పుడు ఎక్కువైంది" అని మనకు తెలియజెప్పే నొప్పి లాంటిదేమీ లేదు. 180 ఉన్నా చాలామందికి మామూలుగానే ఉంటుంది, మెల్లగా పెరిగితే మరీను. "బీపీ పెరిగితే నాకు మెడ పట్టేస్తుంది, అలా తెలుసుకుంటాను" అనేవాళ్లు కనిపిస్తుంటారు. మెడ పట్టేయడానికి వేరే కారణాలు బోలెడు. మెడ బాగుంది కాబట్టి బీపీ కూడా బాగుందనుకోవడం మరీ ప్రమాదం.

బాధ తెలియకపోయినా లోపల మార్పు మాత్రం జరుగుతూనే ఉంటుంది. అందుకే డాక్టరు ఆ రోజు మాస్టారికి ఈసీజీ, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు, తర్వాత గుండె స్కాన్ చేయించారు. కిడ్నీలు బాగున్నాయి. గుండె ఎడమ గది గోడ మాత్రం కొంచెం మందమై ఉంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ ఆ కండరం అలా మందమవుతుంది. "ఇది ఈ రెండు నెలల్లో వచ్చింది కాదు, మీకు బీపీ ఉందని తెలియక ముందు గడిచిన ఏళ్లలోదే అయి ఉంటుంది" అని డాక్టరు చెప్పారట. నాకైతే ఈ మాట చాలా ముఖ్యమనిపిస్తుంది. ఆ ఏళ్లలో కూడా మాస్టారికి ఏ బాధా లేదు మరి.

ఇప్పటికే మానేసి ఉంటే

ముందు బీపీ చూసుకోండి. పై సంఖ్య 180 గానీ, కింది సంఖ్య 120 గానీ దాటితే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉండి, దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, ఉన్నట్టుండి చూపు మసకబారడం, ఎప్పుడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం లాంటివి ఉంటే రీడింగ్ ఎంతున్నా, మిషన్ దగ్గర లేకపోయినా ఆగకూడదు.

ఇవేవీ లేకుండా సంఖ్య మాత్రమే ఎక్కువగా ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. కంగారుపడి పాత మాత్రలు రెండు మూడు కలిపి మింగొద్దు. బీపీని గంటలో దించేయాలని నాలుక కింద మాత్ర పెట్టడం, క్యాప్సూల్ కొరికి మింగడం ఒకప్పుడు బాగా ఉండేది. అలా ఒక్కసారిగా దించితే మెదడుకీ గుండెకీ రక్తం చాలకుండా పోవచ్చు. మాస్టారికి 182 ఉన్నా డాక్టరు ఇంజెక్షన్ ఏదీ ఇవ్వలేదు. ప్రమాద లక్షణాలు లేవని చూసుకుని, మాత్రలు రాసి, ఇంటికి పంపి, మళ్లీ పిలిచారు. "ఏమీ చేయకుండా పంపేశారేమిటి?" అని ఇంట్లోవాళ్లకు టెన్షన్. కానీ అదే సరైన పద్ధతి. మెల్లగా పెరిగినదాన్ని మెల్లగానే దించాలి.

పాత మాత్రను మీ అంతట మీరు మొదలుపెట్టకుండా అడగమనడానికి ఇంకో కారణం ఉంది. మాత్రలన్నీ ఒకటి కాదు. అటెనోలాల్, మెటోప్రోలాల్, ప్రోప్రనోలాల్ లాంటివి ఠక్కున ఆపితే గుండె దడ, గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి రావచ్చు. క్లోనిడిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే బీపీ మునుపటికంటే పైకి ఎగరొచ్చు. ప్రాజోసిన్ లాంటివి కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత డోసుతోనే మొదలుపెడితే, మొదటి డోసుకే బీపీ పడిపోయి లేచి నిలబడగానే తూలి పడొచ్చు. కాబట్టి ఒక కాగితం మీద మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, చివరిసారి ఏ రోజు వేసుకున్నారు, ఆ తర్వాత వచ్చిన రీడింగులు రాసుకుని డాక్టరుకి చూపించండి. మాత్రల అట్ట కూడా వెంట తీసుకెళ్లండి.

ఇదంతా వారాల తరబడి మానేసినవాళ్ల సంగతి. ఒక్క పూట మర్చిపోతే ఇంత హడావుడి అక్కర్లేదు. రోజుకి ఒకటి వేసుకునే మాత్రయితే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే మర్నాటి మాత్ర మాత్రమే వేసుకోండి, రెండూ కలపొద్దు.

అసలు కారణం దాచకుండా చెప్పండి

మాస్టారు మొదట "బాగుందని మానేశాను" అని మాత్రమే చెప్పారు. డాక్టరు కాళ్ల వైపు చూసి, "మాత్ర వాడినప్పుడు వాపు ఉండేదా?" అని అడిగాక గానీ రెండో సంగతి బయటికి రాలేదు. మాత్ర ఆపాక ఇంకా బాగున్నట్టు అనిపించిందంటే దానికి వాపు తగ్గడం కూడా కారణమే. బీపీ తెలియదు, వాపు తెలుస్తుంది. తెలిసే బాధ పోతే జబ్బే పోయినట్టు అనిపిస్తుంది.

ఈ వాపు ఆమ్లోడిపిన్‌తో మామూలుగా వచ్చేదే, డోసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. దానికి దారి ఉంది. డాక్టరు ఆమ్లోడిపిన్‌ను 10 నుంచి 5కి తగ్గించి, టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు కలిపారు. రెండు మందులు తక్కువ డోసుల్లో, వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. పైగా టెల్మిసార్టన్ లాంటివి తోడైతే ఆ వాపు కూడా కొంత తగ్గుతుంది. కొత్త మందు మొదలుపెట్టిన రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించుకోమన్నారు, ఎందుకంటే ఆ రకం మందు కొందరిలో ఈ రెండింటినీ పెంచుతుంది.

మీకు వాపు కాకపోవచ్చు. ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. నీళ్ల మాత్రలతో మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుంది. కొన్ని మాత్రలతో నీరసం. ఏదైనా సరే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. బీపీకి మందుల రకాలు చాలా ఉన్నాయి, ఒకటి పడకపోతే ఇంకొకటి. కీళ్ల నొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మింగుతుంటే అది కూడా చెప్పండి. వాటితో బీపీ పెరుగుతుంది.

ఏడు రోజులు సరిగ్గా కొలవండి

మాత్ర సరిపోతోందా, తగ్గించొచ్చా అన్న ఏ నిర్ణయానికైనా ఇదే ఆధారం. ఎప్పుడో ఒకసారి చూసిన రీడింగ్ దేనికీ పనికిరాదు.

మణికట్టుకి పెట్టేది కాకుండా, పై చేతికి పట్టీ చుట్టే ఆటోమేటిక్ మిషన్ వాడండి. పట్టీ మీ చేతి చుట్టుకొలతకి సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం ఏవీ ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకండి. వీపు కుర్చీకి ఆనించి, కాలు మీద కాలు వేయకుండా, పాదాలు నేలకి ఆన్చి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అదే బిగుతుగా పట్టేస్తుంది కాబట్టి తీసేసి, పట్టీ నేరుగా చర్మం మీద చుట్టండి. చెయ్యి బల్ల మీద ఆన్చి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకోండి. చెయ్యి కిందికి వేలాడితే సంఖ్య పెరుగుతుంది. కొలుస్తున్నంతసేపు మాట్లాడొద్దు. మాస్టారు పట్టీ చుట్టుకున్నాక "ఏమండీ, ఎంతొచ్చింది?" అని భార్య వంటగదిలోంచి అడగడం, ఆయన జవాబివ్వడం రోజూ జరిగేదట. ఆ ఒక్క మాటకే సంఖ్య కొన్ని పాయింట్లు పెరుగుతుంది.

మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత రోజూ చూడండి. పొద్దున మాత్ర వేసుకునే ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. ఏ సంఖ్య వస్తే అది రాయండి, నచ్చని సంఖ్య వచ్చిందని మూడోసారి చూసి దాన్ని రాయకండి. మొదటి రోజు రీడింగులు కొత్త కంగారుతో ఎక్కువ వస్తాయి కాబట్టి లెక్కలోంచి తీసేసి, మిగిలిన ఆరు రోజుల సగటు కట్టండి.

కొత్త మందులు మొదలైన నాలుగు వారాలకి మాస్టారు అలా కొలిచారు. రోజుకి నాలుగు రీడింగుల సగటు తీస్తే రెండో రోజు నుంచి వరుసగా 136/84, 134/82, 138/86, 130/80, 132/82, 134/84 వచ్చాయి. పై సంఖ్యలు కలిపితే 804, ఆరుతో భాగిస్తే 134. కింది సంఖ్యలు కలిపితే 498, భాగిస్తే 83. ఇంట్లో చూసుకునే బీపీ సగటు 135/85 లేదా అంతకు పైన ఉంటే ఎక్కువ కిందే లెక్క. మాస్టారిది దాని లోపలే ఉంది, కానీ అంచులో ఉంది. గుండె గోడ మందమైంది కాబట్టి ఆయనకి 130/80 కంటే తక్కువ ఉండాలని డాక్టరు ముందే అనుకున్నారు. అందుకని టెల్మిసార్టన్‌ను 80కి పెంచారు. మధ్యలో వచ్చిన ఆ 138/86 ఒక్కటే చూసి ఉంటే ఇంట్లో అందరూ కంగారుపడేవారు. 130/80 ఒక్కటే చూసి ఉంటే ఏ మార్పూ చేయకుండా వదిలేసేవారు. ఆ తర్వాత రీడింగులు కుదురుకున్నాక శుక్లం ఆపరేషన్ కూడా అయిపోయింది.

తగ్గించమని అడగాలంటే

మాత్రలు జీవితాంతం ఇదే డోసులో ఉండాలని ఏమీ లేదు. బరువు తగ్గితే ఇంచుమించు కిలోకి ఒక పాయింటు చొప్పున పై సంఖ్య తగ్గుతుంది. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే అన్నిటిలోనూ కలిపి సుమారు ఒక టీస్పూను దాటకుండా చూసుకోవడం, రోజూ నడవడం, మద్యం మానేయడం, ఇవన్నీ కలిస్తే కొందరికి డోసు తగ్గుతుంది. మొదట్లో బీపీ కొద్దిగానే ఎక్కువ ఉండి, ఒకే మాత్ర మీద ఉన్న కొద్దిమందికి పూర్తిగా ఆపడం కూడా కుదరొచ్చు. అది కూడా డాక్టరు చేతుల మీదుగా, ఒకసారికి ఒక మందు చొప్పున, మెల్లగా జరగాలి. తగ్గించాక మూడో రోజో ఐదో రోజో చూసి ఊరుకోకూడదు. నాలుగు వారాలయ్యాక మళ్లీ ఏడు రోజుల లెక్క రాయాలి. ఆ తర్వాత కూడా నెలకోసారి చూస్తూ ఉండాలి, కొందరిలో బీపీ చాలా నెలల తర్వాత తిరిగి వస్తుంది.

తగ్గించక తప్పని సందర్భం కూడా ఉంది, పెద్దవయసు వాళ్లు దీన్ని గమనించుకోవాలి. మంచం మీంచి లేవగానే కళ్ల ముందు చీకట్లు కమ్మడం, తూలినట్టు అవడం ఉంటే ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూడండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకి చూడండి. పక్కన ఎవరైనా ఉండాలి. పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతుంటే, ఆ మూడు రీడింగులూ రాసుకుని వెంటనే డాక్టరుకి చూపించండి. మందు మార్చడమో, డోసు తగ్గించడమో, వేసుకునే వేళ మార్చడమో ఆయన చెబుతారు. ఈలోగా మంచం మీంచి లేచేటప్పుడు కాసేపు అంచున కూర్చుని, ఏదైనా పట్టుకుని మెల్లగా లేవండి.